డయాగ్నస్టిక్ ల్యాబ్ వాల్యుయేషన్‌లో మిడ్-ఇయర్ డిస్కౌంటింగ్: నా అనుభవం

ఈమధ్య ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి వాల్యుయేషన్ చేశా. ఇక్కడ రౌండ్ ఫిగర్లే చెప్తా: ఐదేళ్లపాటు ఏటా 10 కోట్ల ఫ్రీ క్యాష్ ఫ్లో, డిస్కౌంట్ రేటు 12%. ల్యాబ్ అంటే పొద్దున్నే బ్లడ్ ఇచ్చి కౌంటర్లో డబ్బు కట్టేసి వెళ్లేవాళ్లే ఎక్కువ, ఏడాదంతా రోజూ డబ్బులొస్తూనే ఉంటాయి, అలాంటిది మొత్తం 10 కోట్లూ మార్చి 31నే చేతికొచ్చినట్టు లెక్కేస్తే విలువ తగ్గిపోతుంది. అందుకే 1, 2, 3 ఏళ్లకి బదులు 0.5, 1.5, 2.5 అని పెట్టి డిస్కౌంట్ చేశా.

మా సీనియర్ "అర ఏడాది అంటే సరిపోతుందా, ఒకసారి నెలలవారీగా వేసి చూడండి" అన్నారు. మొదటి ఏడాది 10 కోట్లని పన్నెండు సమాన భాగాలు చేసి ఒక్కోటి ఆ నెల మధ్యలో వచ్చినట్టు వేస్తే 9.45 కోట్లు వచ్చింది. అర ఏడాది పద్ధతిలోనూ 9.45 కోట్లే. ఏడాది చివర పద్ధతిలో అయితే 8.93.

ఎక్సెల్లో NPV ఫంక్షన్ ఎప్పుడూ పీరియడ్ చివర డబ్బొచ్చినట్టే అనుకుంటుంది, కాబట్టి బయట గుణించాలి:

```
=NPV(12%,C8:G8)*(1+12%)^0.5
```

ఐదేళ్ల విలువ 36.05 కోట్ల నుంచి 38.15 కోట్లకి పెరిగింది, అంటే సరిగ్గా 1.0583 రెట్లు. ఈ రేషియో రాకపోతే ఏదో ఒక ఏడాది పీరియడ్ నంబర్ తేడాగా పడిందన్నమాట.

అసలు జాగ్రత్త పడాల్సింది టెర్మినల్ వాల్యూ దగ్గర. 4% గ్రోత్‌తో గోర్డన్ ఫార్ములా వాడితే 10.4ని 8%తో భాగిస్తే 130 కోట్లు. ఐదో ఏడాది తర్వాత వచ్చే డబ్బు కూడా ఏడాది పొడవునా వచ్చేదే కదా, అందుకని దాన్నీ 4.5 ఏళ్లకే డిస్కౌంట్ చేయాలి: 78.07 కోట్లు. 5 ఏళ్లకి చేస్తే 73.77, అంటే ఈ ఒక్క చోటే 4 కోట్ల పైన తేడా. కానీ ఎక్జిట్ మల్టిపుల్‌తో వేసినప్పుడు అలా కుదరదు, అది ఐదో ఏడాది చివరి రోజున కంపెనీని అమ్మితే వచ్చే ధర, కాబట్టి పూర్తిగా 5 ఏళ్లే.

రెండిటినీ పోల్చేటప్పుడు కూడా ఇదే చూసుకోవాలి. ఎబిట్డా 16 కోట్లు అనుకుంటే 130ని 16తో భాగించి 8.1 రెట్లు అని రాసేస్తారు చాలామంది, నా లెక్కలో అది తక్కువ చూపించడమే. ముందు 130ని 1.0583తో గుణించి 137.6 చేసి ఏడాది చివరికి తెచ్చాకే భాగించాలి, అప్పుడు 8.6 రెట్లు. మార్కెట్ మల్టిపుల్‌తో పక్కపక్కన పెట్టాల్సింది ఈ నంబరునే.

ఎయిర్ కూలర్లు అమ్మే కంపెనీ లాంటి సీజనల్ బిజినెస్‌కి మాత్రం నేను ఈ 0.5 పెట్టను, ఏ నెలలో కలెక్షన్ వస్తుందో చూసి నెలలవారీగానే వేస్తా.