దశమం మకరమా, ధనుస్సా? పిన్ని కొడుకు జాతకం ఇంకా తేలలేదు

జాతకంలో వృత్తిని చెప్పే పదో స్థానం, అంటే దశమం, మనుషుల ఉద్యోగాలతో కలుస్తుందా అని చూస్తున్నాను, ఈ వారమంతా ఈ ఒక్క చక్రమే తినేసింది. మిగతా జాతకాల్లో దశమం సాఫీగానే కుదిరింది, వాటి గురించి చెప్పడానికేం లేదు.

మా తమ్ముడు (పిన్ని కొడుకు) 1989 మే మొదట్లో హైదరాబాద్‌లో పుట్టాడు, తెల్లవారుజామున 5:05కి అని పిన్ని మాట. లాహిరి అయనాంశతో, అంటే రాశుల మొదలు ఎక్కడో తేల్చే లెక్కల్లో ఒకదానితో వేస్తే, లగ్నం మేషం ఆరున్నర డిగ్రీల దగ్గర. రాశి చక్రంలో దశమం మకరం, అధిపతి శని. కానీ దశమ భావ మధ్యం, అంటే మిడ్‌హెవెన్, ధనుస్సు 29లో పడుతోంది, అక్కడ అధిపతి గురువు. మన అక్షాంశాల్లో మేషం, వృషభం లగ్నాలకు మిడ్‌హెవెన్ లగ్నానికి 90 కాదు, 95 నుంచి 101 డిగ్రీల వెనక ఉంటుంది, అందుకే లగ్నం రాశి మొదట్లో ఉంటే అది తొమ్మిదో రాశిలోకి జారిపోతుంది. పైగా శని ధనుస్సు 20లో ఉన్నాడు. రాశి చక్రంలో తొమ్మిదిలో, తొమ్మిది, పది భావాల సరిహద్దు అయిన సంధి 15 దగ్గర కాబట్టి భావ చక్రంలో పదిలో!

వాడు చేసేది ఫౌండ్రీలో షిఫ్ట్ ఇంజనీర్ ఉద్యోగం. ఇనుము, వేడి, కూలీలు, అంతా శని వ్యవహారమే. కానీ సాయంత్రం ట్యూషన్ల వల్ల కాలనీలో వాడి పేరు 'లెక్కల మాస్టారు', ఉద్యోగం సంగతి సగం మందికి తెలియదు. దాంతో రాశి దశమం జీతం తెచ్చే పని, మిడ్‌హెవెన్ జనంలో పేరు అని ఎగిరి గంతేశాను.

అదే సూత్రాన్ని మేషం 3 డిగ్రీల లగ్నం ఉన్న ఒక టైలరింగ్ ఆవిడ మీద పెడితే చిత్తయింది. సంపాదన శుక్రుడి పనితో, ఊళ్లో పేరేమో బట్టలు ఆలస్యంగా ఇస్తుందని. ఆలస్యం శనిది, అంటే సంపాదనలో కనబడాల్సిన శని పేరులో తేలాడు. ముందే ఉద్యోగం తెలిసిన జాతకానికి గ్రహాన్ని అతికించడం ఎంత తేలికో అప్పుడర్థమైంది.

ఇంకో చిక్కు టైమ్. ఐదు నిమిషాలు ముందుకు జరిపితే మిడ్‌హెవెన్ మకరంలోకి దాటేస్తుంది. టైమ్ ముట్టుకోకుండా రామన్ అయనాంశ పెట్టినా అంతే, లాహిరికీ దానికీ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా మరి. నా ఓటు లాహిరికే, కానీ అంచున ఉన్న చక్రంలో దేన్నీ గట్టిగా నమ్మలేం. జగన్నాథ హోర సాఫ్ట్‌వేర్‌లో అయనాంశ మార్చి చూడొచ్చు కాబట్టి ఇది కనబడింది. రాశి చక్రం మాత్రమే చూపించే ఫోన్ యాప్‌లు ఈ పనికి దండగ.

ఇక ఆసుపత్రి కాగితాలు వెతకమని పిన్నిని బతిమాలాలి. ఈలోగా మేషం, వృషభం తొలి డిగ్రీల లగ్నాలు పోగుచేసి, ఉద్యోగాలు దాచిపెట్టి నాకివ్వమని మా ఆవిడకు చెప్పాను, ముందు వృత్తి రాసి పెట్టుకుని తర్వాతే అడుగుతాను. వృత్తి కోసం ఒక్కో రాశిని పది భాగాలు చేసి వేసే దశాంశ చక్రం జోలికి మాత్రం ఇప్పుడే పోను, అందులో లగ్నం సుమారు పన్నెండు నిమిషాలకోసారి మారుతుంది, ఈ టైమ్‌తో అది ఇంకో తలనొప్పి.