తలలు కలిసి ఊగితే జనం దొరికిపోతారు

వాంకూవర్‌లో టీవీ యానిమేషన్ పనిలో చేరిన కొత్తలోనే గమనించాను, స్క్రిప్టులో "వీధి నిండా జనం" అన్న మాట కనిపిస్తే డైరెక్టర్ కంటే ముందు ప్రొడక్షన్ మేనేజర్‌కి టెన్షన్ పట్టుకుంటుంది. మాది పిల్లల సీరియల్. ప్రతి యానిమేటరూ వారానికి ఇన్ని సెకన్లు పూర్తి చేయాలన్న లెక్క మీద బడ్జెట్ నడుస్తుంది. ఆ లెక్కలో మనుషుల్ని విడివిడిగా గీసే వీలు ఎక్కడా ఉండదు. కొన్ని నడకలు గీసి, వాటినే మళ్లీ మళ్లీ వాడి, వాడినట్టు తెలియకుండా చేయాలి.

ఈసారి కథ హైదరాబాద్‌కి వచ్చింది. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద జనం నడుస్తూ ఉండాలి, పది సెకన్ల షాట్. యానిమేషన్ ఇక్కడి మాదాపూర్ టీమ్ చేస్తోంది. వాంకూవర్‌లో సాయంత్రం ఆరింటికి నేను రాసి పంపే నోట్స్ ఇక్కడివాళ్లకి మర్నాడు ఉదయం ఆరున్నరకి అందుతాయి. ఒక్కో సందేహం తీరడానికి ఒక రోజు పడుతుంది. అందుకే ఈ షాట్ కోసం నన్ను ఇక్కడికే పంపారు. ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి నేనూ సంతోషంగా వచ్చాను.

షాట్‌లో 54 మంది ఉన్నారు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలుపుతాం, అంటే సెకనుకి 12 బొమ్మలు. అందరినీ విడివిడిగా గీస్తే పది సెకన్లకి 6,480 బొమ్మలు కావాలి. మేము పెట్టుకున్నవి ఆరు డిజైన్లు: ఒక పిల్లవాడు, చీరకట్టుకున్న ఆవిడ, చుడీదార్ అమ్మాయి, జీన్స్ కుర్రాడు, ఇద్దరు పొడుగాటి పెద్దమనుషులు. ఒక్కొక్కరికి ఒక్క నడక సైకిల్, అంటే రెండు అడుగులు పూర్తయి మళ్లీ మొదటి బొమ్మకి వచ్చే వరుస. చివరికి తేలినవి మొత్తం 74 బొమ్మలు. ఒక్కో డిజైన్‌కి తొమ్మిది కాపీలు.

టీమ్‌లో ఉన్న తమ్ముడు మొదటి వెర్షన్ చాలా శుభ్రంగా చేశాడు. అందరివీ 12 బొమ్మల సైకిళ్లే. పక్కపక్క మనుషులకి ఆరు బొమ్మల తేడా పెట్టాడు, ఒకరిది కుడికాలు ముందుంటే పక్కవారిది ఎడమకాలు ముందుంటుంది. అయినా ప్లే చేస్తే జనం మొత్తం పడవలో కూర్చున్నట్టు పైకీ కిందికీ ఊగుతున్నారు.

"అక్కా, కాళ్లు వేరువేరుగానే పడుతున్నాయి కదా, మరి ఎందుకలా ఉంది?" అన్నాడు.

ముందు వరుసని వదిలేస్తే జనంలో కాళ్లు కనిపించవు, తలలే కనిపిస్తాయి. నడిచేటప్పుడు తల అడుగుకొకసారి కిందికి దిగి పైకి లేస్తుంది. అంటే ఒక సైకిల్‌లో రెండుసార్లు. ఆరు బొమ్మలు జరిపితే కాళ్లు మారతాయి కానీ తల మళ్లీ అదే ఎత్తుకి వస్తుంది. కాళ్లకి మొదలు పెట్టగల వేర్వేరు స్థానాలు 12 ఉన్నా తలలకి ఉన్నవి ఆరే. ఒకరి తల పైకి వెళ్తున్నప్పుడు పక్కవారిది కిందికి రావాలంటే ఆరు కాదు, మూడు బొమ్మలు జరపాలి. అలాగని వరుసగా ఒకటి, రెండు, మూడు అని జరుపుకుంటూ పోతే స్టేడియంలో ప్రేక్షకులు లేచి కూర్చున్నట్టు అల ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతుంది. కాబట్టి మొదలు పెట్టే బొమ్మ నంబర్లు చేత్తోనే వేశాం: 2, 9, 12, 4, 7, ఇలా ఏ వరసా కుదరకుండా. తర్వాత తలల పై అంచు ఒక్కటే కనిపించేలా అందరినీ నల్లటి ఆకారాలుగా మార్చి చూశాం. ఎక్కడ అల పుట్టినా ఆ నలుపులో వెంటనే దొరుకుతుంది.

మొదలు పెట్టే బొమ్మని మార్చడంతోనే పని అయిపోదు. అందరివీ 12 బొమ్మలే అయితే సెకనుకొకసారి జనం మొత్తం అదే స్థితికి తిరిగొస్తారు, పది సెకన్లలో పదిసార్లు. చూసేవాడికి ఏదో యంత్రం తిరుగుతున్నట్టు ఉంటుంది. అందుకే పిల్లవాడి సైకిల్‌ని 10 బొమ్మలు చేశాం, మధ్యవాళ్లవి 12, పొడుగువాళ్లవి 14. తలల ఊపు 5, 6, 7 బొమ్మలకి ఒకసారి వస్తుంది. ఈ మూడూ మళ్లీ ఒకేచోట కలవాలంటే 210 బొమ్మలు నడవాలి, అంటే పదిహేడున్నర సెకన్లు. షాట్ అప్పటికే అయిపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. సైకిల్ పొడవు మార్చి అందరినీ ఒకే వేగంతో జరిపితే ముందు వరుసలో పాదాలు రోడ్డు మీద జారతాయి. పోనీ వేగం మారిస్తే ఒకరినొకరు దాటుకుంటూ గుద్దుకుంటారు. అందుకని అంగ పొడవు కూడా కలిపి మార్చాం. ముందు వరుసలో పిల్లవాడు ఒక సైకిల్‌కి 100 పిక్సెళ్లు, మధ్యవాళ్లు 120, పొడుగువాళ్లు 140. అప్పుడు ప్రతి ఒక్కరూ బొమ్మకి 10 పిక్సెళ్లే కదులుతారు. ఎవరూ ఎవరినీ దాటరు, పాదం జారదు. వెనక వరుసలో మనిషిని సగానికి తగ్గిస్తే కదలికనీ సగానికి తగ్గించాలి. బొమ్మ రెండు ఫ్రేములు నిలిచినప్పుడు స్థానం కూడా రెండు ఫ్రేములు నిలవాలి, లేకపోతే పాదం వణుకుతుంది.

రంగుల దగ్గర నాకు పట్టుదల ఎక్కువైంది. వాంకూవర్ నుంచి వచ్చిన కలర్ డిజైన్‌లో అందరూ కాషాయం, గులాబీ, పచ్చ. పండగంటే అలాగే ఉంటుందని వాళ్ల ఊహ. ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూస్తే తెల్ల చొక్కాలు, వెలిసిన జీన్స్, బూడిద రంగు టీషర్టులే ఎక్కువ. మధ్యమధ్యలో ఒక కాషాయ కండువా, ఒక మెరిసే చీర. అందుకే ఒక్కో డిజైన్‌కి నాలుగు రంగుల సెట్లు చేశాం. మేము వాడే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ Harmonyలో ప్యాలెట్‌ని, అంటే రంగుల సెట్‌ని, Clone చేస్తే రంగుల ఐడీలు అవే ఉంటాయి, బొమ్మని ముట్టుకోకుండా సెట్ మార్చుకోవచ్చు. Duplicate చేస్తే ఐడీలు కొత్తవి వచ్చి ఆ పని కుదరదు. రంగు మారితే సరిపోదు, లేత ముదురు కూడా మారాలి. షాట్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తే ఎరుపు చొక్కా, ఆకుపచ్చ చొక్కా ఒకే బూడిద రంగులో కనిపించాయి, కవలల్లా. వాటిలో ఒకదాన్ని లేత పసుపు చేశాం.

డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో రేచల్ మెక్‌డానెల్ బృందం 2008లో దీని మీదే ప్రయోగాలు చేసింది. ఒకే కదలిక రెండుసార్లు వస్తే చూసేవాళ్లు అంతగా పట్టుకోరనీ, ఒకే రూపం రెండుసార్లు కనిపిస్తే చాలా తేలిగ్గా పట్టుకుంటారనీ, ఆ రూపాన్ని రంగుల తేడాతో కప్పవచ్చనీ తేల్చారు. చూపు ఎక్కువగా తల మీద, ఛాతీ మీద ఉంటుందని ఆ తర్వాతి పరిశోధనలో వచ్చింది. మిగిలిన గంటలన్నీ అందుకే తలల మీద పెట్టాం: ఒక టోపీ, ఒక తలపాగా రుమాలు, జడలో మల్లెపూలు, కళ్లజోడు. కాళ్ల మీద ఒక్క గంట కూడా పెట్టలేదు.

బొమ్మని అద్దంలోలా తిప్పడం అన్నిటికంటే చవకైన ఉపాయం. వాంకూవర్‌లో అది అలవాటుగా చేసేస్తారు. కానీ చీరకట్టుకున్న ఆవిడని తిప్పితే పైట కుడి భుజం మీదికి వెళ్తుంది, చొక్కా జేబు కుడివైపుకి మారుతుంది. ఆ గదిలో అది నాకు తప్ప ఎవరికీ తప్పుగా అనిపించలేదు, వాళ్లకి తెలిసే దారీ లేదు. హైదరాబాద్‌లో ఈ మాట ఎవరికీ చెప్పాల్సిన పనే పడలేదు, తమ్ముడు తిప్పినవాటిలో పైటని ముందే సరిచేసి ఉంచాడు. ఎంత హాయిగా అనిపించిందో!

చివరిగా మిగిలింది చెయ్యెత్తి ఊపే ఒక మనిషి. కథకి అది కావాలి. దాన్ని సైకిల్‌లో పెడితే తొమ్మిది మంది చేతులు లేస్తాయి, ఎంత రంగు మార్చినా దొరికిపోతారు. అందుకే విడిగా ఒక్కడికే, ఒక్కసారే గీశాం. ముందు వరుసలో ముఖం పెద్దగా కనిపించే ఇద్దరిని కూడా కాపీల నుంచి తీసేసి కొత్తగా గీయించాం. అక్కడ ఈ ఉపాయాలేవీ పనిచేయవు. ఆ అదనపు పని కావాలని వాంకూవర్‌కి మెయిల్ పెట్టాను, మర్నాటికి ఒప్పుకున్నారు.