ఎనిమిది ముక్కలు, ముప్పై రెండు ముక్కలు: పర్లాకిమిడి ఎగ్జిబిషన్‌లో నా అనుభవం

పర్లాకిమిడిలో మా బడి ఎగ్జిబిషన్‌కు నాకిచ్చింది మూడు నిమిషాలు. వృత్త వైశాల్యం πr² ఎలా వచ్చిందో చూపించాలి. వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పిల్లలు చదివేది ఒడియాలో. వైశాల్యాన్ని వాళ్లు ‘క్షేత్రఫళ’ అంటారు. అందుకే మాటలు తగ్గించి కత్తెరతో చెప్పాలనుకున్నాను.

ముందురోజు తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర రిహార్సల్ చేశాను. 10 సెం.మీ. వ్యాసార్థంతో అట్ట మీద వృత్తం గీసి, 8 సమాన సెక్టర్లుగా కోశాను. ఒకదాని మొన పైకి, పక్కదాని మొన కిందికి వచ్చేలా వరుసగా పేర్చితే, పక్కకు వాలిన దీర్ఘచతురస్రంలాంటిది వచ్చింది. ఎత్తు సుమారు వ్యాసార్థమే. “మరి పొడవు?” అంటే ఎక్కువమంది “పరిధి” అన్నారు. అంటే 62.8 సెం.మీ., వైశాల్యం 628 చదరపు సెం.మీ. నేను తప్పు అనలేదు. ఆ వృత్తం సరిగ్గా పట్టే చతురస్రం గీయమన్నాను. భుజం 20, వైశాల్యం 400. లోపలిది బయటిదానికంటే పెద్దదెలా అవుతుందని వాళ్లే ఆగిపోయారు.

ఆ తప్పు నా అట్టదే. ముక్కలన్నీ ఒకే రంగు కావడంతో, వంపు అంచుల్లో సగం పైకి, సగం కిందికి వెళ్లాయని కంటికి ఆనలేదు. ఆ రాత్రి కొత్త వృత్తాలు గీసి, సగానికి ఎరుపు, సగానికి పసుపు వేశాను. ఎరుపు ముక్కల మొనలన్నీ పైకి పెడితే కింది అంచంతా ఎరుపు, పై అంచంతా పసుపు. పొడవు సగం పరిధి, πr. ఎత్తు r. మొత్తం 31.4 × 10, అంటే 314.

ఎగ్జిబిషన్‌లో ఇది చెప్పగానే, బట్టలు కుట్టే ఒక తల్లి అడిగింది: “మాస్టారూ, పైనా కిందా ఎగుడుదిగుడుగా ఉంది కదా, దీన్ని తిన్నని గీత అని ఎలా అంటారు?”

నాకు కావలసిన ప్రశ్న అదే. 16, 32 ముక్కల అట్టలు కూడా పక్కన పెట్టి, ప్రతి ఉబ్బు ఎంత ఎత్తుందో స్కేలుతో చూపించాను. 8 ముక్కలకు సుమారు 7.6 మి.మీ., 16కు 2 మి.మీ., 32కు అర మి.మీ. ముక్కలు రెట్టింపైన ప్రతిసారీ ఉబ్బు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది, వాలు కూడా తగ్గి నిలువు అవుతుంది. కాగితం మాత్రం రవ్వంత కూడా పెరగదు, తరగదు. 64 ముక్కలు కూడా ప్రయత్నించి వదిలేశాను. అక్కడ ఉబ్బు కంటే నా కత్తెర తప్పే ఎక్కువ. ఆ తర్వాత కోసే పని మనసుతోనే చేయాలని, ఉబ్బును ఎంత చిన్నదిగా కావాలంటే అంత చేయవచ్చని చెప్పాను.

ఆమె 32 ముక్కల అంచు మీద వేలితో రాసి చూసింది. “గుండ్రటి మెడ తిరగేసి కుట్టేటప్పుడు దగ్గరదగ్గరగా గాట్లు పెడతాం, లేకపోతే బట్ట ముడతలు పడుతుంది. ఇదీ అంతేనా?” అంది. నాకెప్పుడూ తట్టని పోలిక అది. తర్వాతి గుంపుకు చెప్పేటప్పుడు దానితోనే మొదలుపెట్టాను.