అవ్వ ఫ్రిజ్ మీది నంబర్ల కార్డు

కడపలో ఒంటరిగా ఉంటున్న మా అవ్వ కోసం, ఫ్రిజ్ తలుపుకు అంటించేందుకు ముఖ్యమైన ఫోన్ నంబర్లతో ఒక కార్డు ముద్రించాను. మొదటి ప్రతిలో పది అంకెలూ కలిసి ఉండటంతో, ఆమె నొక్కుతూ నొక్కుతూ వరుస తప్పి, ఒక సున్నాను రెండుసార్లు నొక్కింది. అందుకే అంకెలను ఐదేసి చొప్పున విడదీసి, 72 పాయింట్ల పరిమాణంలో, తెల్ల కాగితంపై నల్లగా, లావుగా మళ్లీ తీయించాను. మెరిసే లామినేషన్ మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి సగం అంకెలు కనిపించలేదు. మెరుపు లేని రకం వేయించాక ఆ ఇబ్బంది తీరింది.

పైన 108, తరువాత నాన్న, ఎదురింటి అక్క, మందుల షాపు: ఈ నాలుగే పెట్టాను. అంబులెన్సు వాళ్లు అడిగే ఇంటి చిరునామాను, కంగారులో గుర్తురాదేమోనని, అడుగున రాశాను. కళ్లజోడు లేకుండా నాలుగడుగుల దూరం నుంచి అవ్వ అన్నీ చదివి, "మీ అత్త నంబరు యాడుంది నాయనా?" అని అడిగింది.