సబ్ అవార్డు లైన్లతో నా తిప్పలు

అమెరికా ఫెడరల్ గ్రాంట్ ఒకదానికి మూడు సంస్థలం కలిసి అప్లై చేశాం. మాది లీడ్ సంస్థ, బడ్జెట్ షీట్ బాధ్యత నాది. పరిమితి 4,50,000 డాలర్లు. గడువు రెండు రోజులుందనగా అన్నీ కలిపి చూస్తే 6,25,600 వచ్చింది.

పార్ట్‌నర్లే ఎక్కువ వేసుకున్నారని విసుక్కున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. మొదటి పార్ట్‌నర్‌కి నేరుగా అయ్యే ఖర్చులు 1,00,000, దాని మీద 15 శాతం ఓవర్‌హెడ్, వెరసి 1,15,000. రెండో పార్ట్‌నర్‌ది 60,000 మీద అదే లెక్కన 69,000. ఈ రెండూ గ్రాంట్‌లోంచి మేం వాళ్లకిచ్చే వాటాలుగా, అంటే సబ్ అవార్డు లైన్లుగా, మా బడ్జెట్లో అప్పటికే ఉన్నాయి. నేనేమో మొత్తం గడిలో మా షీట్‌తో పాటు వాళ్ల షీట్లనూ కలిపాను. 1,84,000 రెండుసార్లు పడింది. తీసేస్తే 4,41,600. హమ్మయ్య, పరిమితిలోనే ఉన్నాం అనుకున్నాను.

అకౌంట్స్‌లో ఉండే మేడమ్ షీట్ చూసి, "సబ్ అవార్డు మొత్తానికీ మన ఓవర్‌హెడ్ వేశావా?" అని అడిగారు. వేశాను. మా సొంత ఖర్చులు 2,00,000, సబ్ అవార్డులు 1,84,000, కలిపి 3,84,000 మీద 15 శాతం. కానీ 2024 అక్టోబర్ నుంచి ఉన్న నియమం ప్రకారం ఒక్కో సబ్ అవార్డులో మొదటి 50,000 మీదే లీడ్ సంస్థ ఓవర్‌హెడ్ తీసుకోవాలి. అంతకుముందు 25,000 ఉండేది. అది కూడా ఏడాదికోసారి కాదు, సబ్ అవార్డు కాలం మొత్తానికి ఒక్కసారే. ఓవర్‌హెడ్ లెక్కలోకి రాని పరికరాలేవీ మేం కొనడం లేదు కాబట్టి లెక్క సులువే: 2,00,000కి రెండు 50,000లు కలిపితే 3,00,000, దాని మీద 45,000. నేను 57,600 వేసి కూర్చున్నాను. మొత్తం పరిమితి లోపలే ఉంది కనుక ఆవిడ అడగకపోతే ఈ తప్పు నాకు కనిపించేది కాదు. సరైన మొత్తం 4,29,000.

అప్పుడు ఈ రెండు ఫార్ములాలు పెట్టాను. B10 ఒక సబ్ అవార్డు, B20 మా సొంత ఖర్చులు, B21 మా ఓవర్‌హెడ్, B30 మొత్తం, పార్ట్‌నర్ల షీట్లలో B40 వాళ్ల మొత్తం:

```
=MIN(B10,50000)
=B20+B21+PartnerA!B40+PartnerB!B40-B30
```

రెండోది సున్నా రావాలి. మర్నాడు సున్నా కాస్తా 2,300 అయింది. రెండో పార్ట్‌నర్ ఒక జీతం సరిచేసి 60,000ని 62,000 చేశారు, ఓవర్‌హెడ్‌తో 71,300. మా సబ్ అవార్డు లైన్‌లో మాత్రం నేను చేత్తో టైప్ చేసిన 69,000 అలాగే ఉంది. ఆ గడిని వాళ్ల షీట్‌కి లింక్ చేశాను. 50,000 దాటిన సొమ్ము కాబట్టి మా ఓవర్‌హెడ్ మారలేదు, మొత్తం 4,31,300కి చేరింది.

షీట్ కుదిరింది గానీ, వాళ్లు సంతకం చేసి పంపిన లెటర్‌లో ఇంకా 69,000 అనే ఉంది. కొత్త లెటర్ కోసం సాయంత్రం దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను.