మీ ఊళ్ళో ఇలాగే కుడతారా?

"ఏనమ్మా ఇదు? మీ ఊళ్ళో ఇలాగే కుడతారా?" అన్నాడు మాస్టర్, వెనక్కి వచ్చిన పైజమాని నా మిషన్ మీద పెట్టి. ఆ మాట వారం నుంచి చెవిలోంచి పోవడం లేదు.

తెనాలి నుంచి బెంగళూరు వచ్చి ఏడాదైంది. వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక చిన్న కుట్టు షాపులో పని. నేను కుట్టిన ఆరు కాటన్ పైజమాలు రెండు ఉతుకులకే తిరిగొచ్చాయి. నడుం పట్టీలో ఎలాస్టిక్ మెలిపడి తాడులా అయిపోయింది. వేళ్ళతో తడిమితే చదునుగా ఉండాల్సిన చోట రెండు గట్లు తగులుతున్నాయి. కుట్టు చెడ్డదని అంటే పడేదాన్ని. ఊరి పేరు తెచ్చేసరికి కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఆ పట్టీ కుట్టడం నాకు మా పిన్ని నేర్పింది.

పిన్ని లంగాలు కుట్టేది. బొందు పట్టీ ఎప్పుడూ బొందు కన్నా అర అంగుళం వెడల్పు పెట్టమనేది. "బొందు లాగితే జారాలి, పట్టుకోకూడదు" అనేది. బొందు మెలిపడినా లంగాకేమీ కాదు, బిగించి కట్టుకుంటే సరి. నేను అదే చేత్తో అంగుళం ఎలాస్టిక్‌కి అంగుళంన్నర పట్టీ పెట్టాను. తప్పు పిన్నిది కాదు. బొందు కొలతని ఎలాస్టిక్‌కి వాడిన నాది.

సాయంత్రం షాపు ఖాళీ అయ్యాక మాస్టరే పక్కన కూర్చుని, తనకొచ్చిన తెలుగులో విడమరిచాడు. ఎలాస్టిక్‌కి రెండు పక్కలా గోడ దగ్గరగా ఉండాలట. చోటు ఎక్కువైతే కూర్చుని లేచినప్పుడల్లా అంచు మడతపడుతుంది, ఒకసారి తిరిగితే మళ్ళీ వెనక్కి రాదు. అంగుళం ఎలాస్టిక్‌కి కుట్టిన తర్వాత లోపల మిగలాల్సిన చోటు అంగుళం మీద ఎనిమిదో వంతు మాత్రమే. ఆ ఎనిమిదో వంతునే మా వడ్రంగులు ఒక నూలు అంటారు. మందం బట్టైతే మడత దగ్గర కొంత చోటు పోతుంది కనుక ఇంకో నూలు కలపాలి. మరీ బిగిస్తే ఎలాస్టిక్ ఎక్కించే పిన్నీసే వెళ్ళదు, వెళ్ళినా బట్ట ఒకచోట గుట్టగా చేరుతుంది.

తర్వాత ఎలాస్టిక్ ముక్క చేతికిచ్చి లాగమన్నాడు. లాగేకొద్దీ సన్నబడింది. నిలువుగా జడ గీతలున్న రకం అది. చీప్‌గా వస్తుందని అదే తెచ్చుకున్నాను. లాగినప్పుడు సన్నబడితే సరిపోయిన పట్టీ కూడా వదులైపోతుందని అప్పుడు అర్థమైంది. రెండో ముక్కకి అడ్డంగా గట్టి గీతలున్నాయి, ఎంత లాగినా వెడల్పు మారలేదు. పెద్దవాళ్ళ నడుముకి అంగుళం, అంగుళంపావు చాలు. రెండు అంగుళాలది కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర మధ్యకి విరుగుతుంది.

ఒక పైజమా విప్పి మళ్ళీ కుట్టాం. నడుము 30 అంగుళాలు. ఎలాస్టిక్ 28 కోశాను: 27 చుట్టుకొలతకి, ఒకటి అంచుల మీద అంచు వేసి కుట్టడానికి. బట్ట పైచుట్టు 42, తుంటి మీంచి ఎక్కాలి కదా. ఎలాస్టిక్ ఒక వైపు చాక్‌తో గీత గీశాం, లోపల తిరిగితే బయటికి వచ్చే చివర దగ్గర తెలిసిపోతుందని. పట్టీ మడవకముందే పక్క కుట్ల లోపలి అంచులు పరిచి రెండు కుట్లు వేశాం, లేకపోతే పిన్నీసు అక్కడే ఇరుక్కుంటుంది. చివరలు ముడి వేయకుండా ఒకదాని మీద ఒకటి చదునుగా పెట్టి, చదరం కుట్టు వేసి మధ్యలో అడ్డంగా ఇంకో రెండు గీతలు కుట్టాం. ఆ తర్వాత నడుముని నాలుగైదుసార్లు గట్టిగా లాగి వదిలితే కుచ్చులు సమంగా సర్దుకున్నాయి. అప్పుడు రెండు పక్క కుట్ల మీద, ఎలాస్టిక్‌తో సహా నిలువుగా ఒక్కో కుట్టు. ఇక తిరగడానికి వీల్లేదు. కాకపోతే రేపు ఎలాస్టిక్ మార్చాలంటే ఆ కుట్లు విప్పుకోవాలి.

మిగిలిన ఐదింటికి పట్టీ విప్పలేదు. ఎలాస్టిక్ బయటికి తీసి, పై మడత నుంచి మూడు నూళ్ళు కిందకి చుట్టూ ఒక కుట్టు వేశాం. పైన చిన్న ఫ్రిల్లులా వచ్చింది, కింద ఒక అంగుళం ఒక నూలు మిగిలింది. అందులోకి కొత్త ఎలాస్టిక్ ఎక్కించాం.

రాత్రి పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. విని, "ఆ కొలత లంగాకి పెట్టకే, బొందు జారదు" అంది. నిజమే. మొన్న పక్కింటి ఆవిడ లంగా తెచ్చిస్తే అర అంగుళం వదులే పెట్టాను.