ఎండుచేపల కాపలా రోబోకి ఎంత ప్యానెల్, ఎంత బ్యాటరీ: నా అనుభవం

భీమిలి వైపు మా మేనత్త నెత్తళ్ళు ఆరబెట్టే చోట కాకుల్నీ కుక్కల్నీ తోలడానికి నాలుగు చక్రాల చిన్న రోబో ఒకటి తయారు చేశాను. వరుసల మధ్య తిరుగుతూ కెమెరాతో చూస్తుంది, కాకి వాలితే అటు వెళ్ళి హారన్ కొడుతుంది. దాన్ని నడిపించడం కష్టం కాలేదు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎక్కడా ఛార్జింగ్ పెట్టకుండా తిరగాలన్నదే అసలు టెన్షన్. ఆ ఇసుకలో కరెంటు పాయింటు లేదు, వైరు లాగే వీలూ లేదు. కాబట్టి సోలారే దిక్కు. షాపులో అడిగితే "యాభై వాట్ల ప్యానెల్ సరిపోద్ది సార్" అన్నారు. దేన్ని బట్టి సరిపోతుందో మాత్రం చెప్పలేదు. ఆ లెక్క నేనే వేసుకున్నాను.

ముందు రోబో ఎంత తింటుందో తెలియాలి. మోటారు మీద రాసి ఉన్న అంకెల్ని నమ్మి లాభం లేదు. అవి ఆ మోటారు ఎంత తట్టుకోగలదో చెబుతాయి గానీ, మన ఇసుకలో ఎంత లాగుతుందో చెప్పవు. బ్యాటరీకీ రోబోకీ మధ్య చిన్న వాట్ మీటరు పెట్టి అక్కడే నడిపి చూశాను. కదలకుండా నిలబడి ఉంటే ఏడు వాట్లు. కంప్యూటర్ బోర్డు, కెమెరా, రేడియో కలిపి అంత. వదులు ఇసుకలో నడుస్తుంటే నలభై రెండు. అదే రోబో, అదే వేగంతో, గట్టి నేల మీద ఇరవై లోపే. ఇసుకలో చక్రం ముందు ఎప్పుడూ చిన్న గట్టు పేరుకుంటూ ఉంటుంది. బండి దాన్ని తోసుకుంటూనే పోవాలి. శక్తి అంతా అక్కడే పోతోంది.

రోబో గంటకి ఇరవై నిమిషాలు కదులుతుంది, మిగతా సేపు నిలబడి చూస్తుంటుంది. అంటే పగలు పన్నెండు గంటల్లో నాలుగు గంటలు నడక. ఏడు వాట్లు పన్నెండు గంటలపాటు నడిస్తే 84 వాట్-అవర్లు. నడకకి అదనంగా 35 వాట్లు, నాలుగు గంటలకి 140. రాత్రి అన్నీ ఆపేసినా టైమర్ సర్క్యూట్ తాగేది ఓ ఆరు. అన్నీ కలిపితే రోజుకి 230.

ఇక ఎండ ఎంత దొరుకుతుంది? విశాఖ తీరానికి ఈ వివరాలు NASA POWER సైటులో ఉచితంగా దొరుకుతాయి. `ALLSKY_SFC_SW_DWN` అనే అంకె మనకి కావాలి. నేల మీద పరుచుకున్న ఒక చదరపు మీటరు మీద రోజుకి ఎన్ని కిలోవాట్-అవర్ల ఎండ పడుతుందో అది చెబుతుంది. ఇంటి మీద ప్యానెల్ అయితే దక్షిణానికి వంచి బిగిస్తాం కాబట్టి ఆ అంకెని సవరించుకోవాలి. తిరిగే రోబోకి దక్షిణమంటూ ఏమీ ఉండదు. ఒక వైపుకి వంచితే సగం సేపు తప్పు వైపు చూస్తుంది. అందుకే ప్యానెల్‌ని పడుకోబెట్టే బిగించాను. అప్పుడు ఆ అంకె ఉన్నది ఉన్నట్టుగా పనికొస్తుంది.

ఇక్కడ ఏడాది సగటు తీసుకుంటే లెక్క దారి తప్పుతుంది. విశాఖలో ఎండ బాగా కాసేది మార్చి నుంచి మే దాకా, రోజుకి ఆరు కిలోవాట్-అవర్ల దరిదాపుల్లో. కానీ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. అంటే ఎండ దండిగా ఉన్న రోజుల్లోనే రోబోకి పని తక్కువ. నిషేధం ఎత్తేశాక చేపలు బాగా వస్తాయి, అప్పటికి రుతుపవనాల మబ్బులు కూడా వచ్చేస్తాయి. జులై, ఆగస్టుల్లో రోజు సగటు నాలుగు చుట్టూ ఉంటుంది. ప్యానెల్ సైజు తేల్చాల్సింది ఆ నెలలే.

ప్యానెల్ మీద రాసిన వాట్లు పూర్తిగా చేతికి రావు. ఆ రేటింగు చదరపు మీటరుకి ఒక కిలోవాటు నిండు ఎండ పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటిది. మన ఎండలో సెల్ అరవై దాకా వేడెక్కుతుంది. డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పధ్నాలుగు శాతం అక్కడే పోతుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు పొర, దుమ్ము, ఛార్జ్ కంట్రోలర్, వైర్లు, బ్యాటరీలోకి వెళ్ళి బయటికి రావడంలో పోయేది, అప్పుడప్పుడు పడే నీడ, అన్నీ తీసేసి నేను 0.65 తో గుణించాను. జులైలో రోజుకి నాలుగు కిలోవాట్-అవర్లంటే నాలుగు గంటల నిండు ఎండ లెక్క. కాబట్టి ఒక వాటు ప్యానెల్ నుంచి రోజుకి నాలుగు గుణించు 0.65, అంటే 2.6 వాట్-అవర్లు. 230 కావాలంటే 88 వాట్లు. మార్కెట్లో దొరికేది 100 వాట్ల ప్యానెల్.

అది గాజు పలక, ఫ్రేముతో కలిపి ఏడెనిమిది కిలోలు ఉంటుంది, మీటరు పొడవు. పదిహేను కిలోల రోబో నెత్తిన అంత బరువు పెడితే చక్రాలు ఇసుకలో ఇంకా దిగబడతాయి. నడకకి ఇంకా కరెంటు కావాలి, దానికి ఇంకా పెద్ద ప్యానెల్ కావాలి. పైగా మధ్యాహ్నం సముద్రపు గాలికి ఆ వెడల్పు పలక తెరచాపలా గాలి పట్టేస్తుంది. అక్కడ ఆగి, ప్యానెల్ పెంచే బదులు తిండి తగ్గించే దారి చూశాను.

140 వాట్-అవర్లు నడకకే పోతున్నాయి కాబట్టి కోయాల్సింది అక్కడే. వరుసల మధ్య రోబో తిరిగే దారంతా నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టి చేశాం. చక్రాలు వెడల్పువి వేశాను. ఆ దారిలో మీటరు నలభై రెండు నుంచి ఇరవైకి దిగింది. నడక ఖర్చు 140 నుంచి 52 అయింది, మొత్తం 230 కాస్తా 142 అయింది. కాకపోతే దారి తడి ఆరితే మళ్ళీ వదులవుతుంది. మీటరు ముప్పై దాటిందంటే దిమ్మిస పట్టుకోవాల్సిందే.

142 కి జులై సగటు ప్రకారం 55 వాట్లు చాలు. కానీ సగటు రోజు ఎలాగూ గడుస్తుంది, మబ్బు రోజు సంగతేమిటి? మబ్బు వరసగా ఐదారు రోజులు పడితే ఎంత బ్యాటరీ కావాలో వేసి చూస్తే అది రోబో కన్నా బరువు తేలింది. ఆ మాట అత్తతో అన్నాను.

"వాన పడితే చేపలు ఆరబెడతామేటిరా? ఆ రోజు దానికి పనేటి?" అంది.

"పోనీ వాన లేకుండా మబ్బుగా ఉంటే, అత్తా?"

"అప్పుడే కదా తంటా. ఎండ లేక ఆరవు, మూడు రోజులు అలాగే పడుంటాయి. కాకులకి అదే పండగ."

నాకు కావాల్సిన లెక్క ఆ రెండు మాటల్లో ఉంది. జోరు వాన రోజులకి బ్యాటరీ మోయనక్కర్లేదు, రోబోని తీసి షెడ్డులో పెట్టేస్తాం. చూసుకోవాల్సింది వాన లేని మబ్బు రోజులు వరసగా మూడు. అలాంటి రోజు ఎండ రెండు గంటల నిండు ఎండకి సమానమనుకున్నాను. 55 కన్నా కాస్త పెద్దది, 75 వాట్ల ప్యానెల్ తీసుకుంటే అప్పుడు 97 వాట్-అవర్లు ఇస్తుంది. రోజుకి 45 లోటు, మూడు రోజులకి 135. దీనికి తోడు, సగటు రోజైనా ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం నాలుగున్నర తర్వాత ప్యానెల్ పెద్దగా ఇవ్వదు. ఆ గంటలకీ రాత్రికీ కలిపి యాభై దాకా బ్యాటరీయే మోయాలి. మొత్తం 185. పూర్తిగా ఖాళీ చేయకుండా ఎనభై శాతమే వాడితే 230 కావాలి. 12.8 వోల్టుల, 20 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ అంటే 256, బరువు మూడు కిలోల లోపు. అదే లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి దించకూడదు కాబట్టి ముప్పై ఆంపియర్-అవర్లు దాటాలి, పది కిలోల దాకా తూగుతుంది. ధర తక్కువే, కానీ ఆ బరువుతో మళ్ళీ ఇసుక గొడవే.

బిగించాక నన్ను బాగా ఇబ్బంది పెట్టింది నీడ. ప్యానెల్ మధ్యలోంచి పైకి లేచిన గొట్టం మీద హారన్, కెమెరా ఉండేవి. ఒక ఉదయం తొమ్మిదికి రెండు ఆంపియర్లు రావాల్సిన చోట ఒకటి కన్నా తక్కువ వస్తోంది. చూస్తే హారన్ నీడ, అరచేయంత, సరిగ్గా ఒక సెల్ మీద పడి ఉంది. ప్యానెల్‌లో 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. ఒక్కటి నీడలో పడితే గొలుసంతా దాని స్థాయికి దిగిపోతుంది. బైపాస్ డయోడ్ పని చేసినా ఆ సెల్ ఉన్న వరస మొత్తం పక్కకి పోతుంది, మిగిలిన వోల్టేజీ బ్యాటరీని నింపడానికి చాలదు. రోబో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గొట్టాన్ని ఏ పక్కకి జరిపినా ఎప్పుడో ఒకప్పుడు నీడ పడుతుంది. గొట్టం తీసేసి, హారన్‌నీ కెమెరానీ ప్యానెల్ అంచు కిందకి దించాను. కెమెరాకి చూపు కొంత తగ్గింది. అయినా అదే నయం.

ఛార్జ్ తగ్గితే అది మబ్బు వల్లా, ఉప్పు పొర వల్లా అన్నది తేల్చుకోవడం తేలిక. ఎండ నిలకడగా ఉన్నప్పుడు ప్యానెల్ వైర్లు కంట్రోలర్ నుంచి విప్పి, మల్టీమీటరుతో షార్ట్ సర్క్యూట్ కరెంటు చూడాలి. మంచినీళ్ళతో తుడిచి వెంటనే మళ్ళీ చూడాలి. పెరిగితే పొర, పెరగకపోతే ఎండే తక్కువ. మీటరు 10 ఆంపియర్ల పాయింటులో ఉండాలి. ఉప్పునీటి గుడ్డతో మాత్రం తుడవకూడదు, ఆరాక ఆ ఉప్పే పొర కడుతుంది.

నేను పెట్టిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి చెప్పలేం. నలభై శాతం దగ్గరా డెబ్బై దగ్గరా ఇంచుమించు ఒకే అంకె, 13.2 చుట్టూ, కనిపిస్తుంది. అందుకే వచ్చే కరెంటు, పోయే కరెంటు లెక్కపెట్టే షంట్ మీటరు పెట్టాను. సాయంత్రం ఆరింటికి అందులో శాతం ఎంతో అత్త చూసి చెబుతుంది. ఆ ఒక్క అంకె చాలు. ఎండ ఉన్న రోజుల్లో కూడా సాయంత్రం శాతం రోజురోజుకీ దిగుతుంటే ప్యానెల్ చాలడం లేదు, లేదా దారి వదులైంది. మబ్బు పట్టిన మూడో సాయంత్రానికి ముప్పై దగ్గర ఉంటే లెక్క సరిగ్గా ఉంది. జులై మబ్బుల్లో మాకు దాదాపు అంతే వచ్చింది.

వేసవిలో జాగ్రత్త వేరే. ఈ బ్యాటరీల్ని సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదంటారు. మా డబ్బా ప్యానెల్ కిందే ఉంది. నీడ దొరుకుతుంది గానీ ప్యానెల్ వేడి కూడా దిగుతుంది. మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదిలి, డబ్బాకి తెల్ల రంగు వేశాను. శీతాకాలం గురించి పెద్ద బెంగ లేదు. డిసెంబరులో సూర్యుడు కిందుగా ఉండి పడుకున్న ప్యానెల్‌కి కొంత తగ్గినా, ఆకాశం తేటగా ఉంటుంది. ఐదున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి చేపలు ఆ లోపే ఎత్తేస్తారు, రోబోకి అరగంట డ్యూటీ తగ్గుతుంది.